ఫోటోలో మెరుపుచుక్క

మూడేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి మా అక్క తెనాలి నుంచి ఫోటోలు పంపింది. మనవరాలి మూడో పుట్టినరోజు. పట్టుపరికిణీ, బుగ్గన దిష్టిచుక్క, ముందు కేకు. దీపాలు ఆర్పి, ఫ్లాష్ వేసి తీసినవి. "చూశావా, అచ్చం నాలాగే లేదూ?" అని కింద రాసింది. నా చూపు మాత్రం పోలికల మీదికి పోలేదు. పాప కుడి కంట్లో ఫ్లాష్ మెరుపు చిన్న తెల్లచుక్కలా కనుపాప నడిమధ్యన ఉంది. ఎడమ కంట్లో అదే చుక్క పక్కకి జరిగి, కనుపాప అంచు మీద, చెవివైపున ఉంది.

ఇరవై రెండేళ్లుగా పిల్లల కళ్లు పరీక్షించడమే నా ఉద్యోగం. ఆప్టోమెట్రిస్టుని. ఆసుపత్రిలో చేతిలో టార్చి పట్టుకుని రోజూ వెతికే చుక్క ఇది. మా ఇంటి పిల్ల కంట్లో కనబడేసరికి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. తర్వాత అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, పాప పాత ఫోటోలు ఉన్నాయా? ఫ్లాష్ పడినవి, తిన్నగా కెమెరావైపు చూస్తున్నవి."

"ఎందుకే? ఏమైంది?"

"చూసి చెబుతాను. ముందు పంపు."

ఒక్క ఫోటో చూసి ఏదీ తేల్చకూడదు. పిల్ల ఆ క్షణాన తల తిప్పి ఉండొచ్చు, కెమెరాను కాకుండా కేకును చూస్తూ ఉండొచ్చు, ఫోటో తీసినవాళ్లు పక్కన నిలబడి తీసి ఉండొచ్చు. అక్క పదకొండు ఫోటోలు పంపితే పనికొచ్చినవి నాలుగే. రెండో పుట్టినరోజు ఫోటోలో రెండు చుక్కలూ ఒకే చోట ఉన్నాయి. సంక్రాంతి నాటి దాంట్లోనూ అంతే. ఉగాది ఫోటోలో ఎడమ చుక్క కొంచెం పక్కకి జరిగినట్టుంది. ఆగస్టులో, ఈ పుట్టినరోజుకి, సందేహం లేదు. అంటే మెల్ల పుట్టుకతో వచ్చింది కాదు, రెండేళ్లు దాటాక మొదలైంది. ఈ ఒక్క సంగతితోనే వైద్యుడి ఆలోచన సగం దారిలో పడుతుంది. అందుకే పిల్లల కంటి డాక్టర్లు పాత ఫోటోలు తీసుకురమ్మంటారు. మెల్ల ఉందని మీకు అనుమానం వస్తే ఫోన్‌లో ఫోటోలు తుడిచేయకుండా, తారీఖులతో సహా ఉంచండి.

ఈ చుక్క ఏమిటో చెబుతాను. కంటి ముందు భాగాన గడియారం అద్దంలాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. అదే కార్నియా. అది ఉబ్బెత్తుగా, నున్నగా ఉంటుంది కాబట్టి ఎదురుగా ఉన్న వెలుగు దాంట్లో చిన్న చుక్కగా మెరుస్తుంది, స్టీలు గ్లాసు మీద బల్బు మెరిసినట్టు. రెండు కళ్లూ ఒకే వెలుగుని తిన్నగా చూస్తుంటే ఆ చుక్క రెండింట్లోనూ ఒకే చోట పడుతుంది. ఒక కన్ను ముక్కువైపు తిరిగితే నల్లగుడ్డు లోపలికి జరుగుతుంది, మెరుపు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి చూసేవాళ్లకి చుక్క చెవివైపు జరిగినట్టు కనిపిస్తుంది. కన్ను బయటికి తిరిగితే చుక్క ముక్కువైపు, పైకి తిరిగితే చుక్క కిందికి. కన్ను ఎటు తిరిగితే చుక్క దానికి ఎదురు దిక్కున ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

1880ల్లో బెర్లిన్ నగరంలో జూలియస్ హిర్ష్‌బర్గ్ అనే కంటి వైద్యుడు ఈ సంగతిని కొలతగా మార్చాడు. ఆయన చేతిలో ఉన్నది కొవ్వొత్తి. రోగి ముఖానికి అడుగు దూరాన కొవ్వొత్తి పట్టుకుని, మంట ప్రతిబింబం నల్లగుడ్డు మీద ఎక్కడ పడుతోందో చూశాడు. చుక్క కనుపాప అంచు మీద పడితే కన్ను సుమారు 15 డిగ్రీలు తిరిగినట్టు, కనుపాపకీ నల్లగుడ్డు అంచుకీ మధ్యన పడితే 30, నల్లగుడ్డు అంచు మీదే పడితే 45. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. ఖచ్చితమైన కొలతకు మా దగ్గర ప్రిజం అద్దాలున్నాయి. అయినా కుదురుగా కూర్చోని ఏడాది పిల్లాడి ముందు ఈ రోజుకీ మేం మొదట తీసేది టార్చే. నూట నలభై ఏళ్లుగా కొవ్వొత్తి పోయి బల్బు వచ్చింది, పరీక్ష అదే.

మా పాప చుక్క కనుపాప అంచు మీద ఉంది. అంటే దాదాపు 15 డిగ్రీల మెల్ల.

మీ పిల్లల ఫోటోలు ఇలా చూడాలనుకుంటే, చుక్క సరిగ్గా మధ్యలో ఉందా లేదా అని కంగారుపడొద్దు. ఆరోగ్యమైన కళ్లలో కూడా అది మధ్య నుంచి ఒక వెంట్రుకవాసి ముక్కువైపు ఉండడం మామూలే. రెండు కళ్లలోనూ ఒకే తీరున ఉందా అన్నదే చూడాలి. కిటికీ వెలుగు, ట్యూబులైటు కూడా కంట్లో మెరుస్తాయి, కాబట్టి రెండు కళ్లలోనూ ఒకే దీపం తాలూకు చుక్కని పోల్చాలి. సెల్ఫీల్లో కుడి ఎడమలు తారుమారవుతాయి. ముఖాన్ని అందంగా మార్చే ఫిల్టర్లు కంటి మెరుపుని కూడా దిద్దేస్తాయి, వాటిని నమ్మకండి. ఒకే కంట్లో, ఒకే వైపుకి, రెండు మూడు ఫోటోల్లో చుక్క జరిగి కనిపిస్తే అది లెక్కలోకి తీసుకోవలసిన విషయం.

ఈ చుక్క భయం తీర్చే సందర్భాలూ ఉన్నాయి. చంటిపిల్లలకి ముక్కు దూలం చదునుగా ఉంటుంది, కంటి లోపలి మూలన చర్మం మడత తెల్లగుడ్డుని కొంత కప్పేస్తుంది. అప్పుడు కళ్లు ముక్కువైపు తిరిగినట్టే కనిపిస్తాయి. నెలకి నలుగురైదుగురు తల్లులు ఇలాంటి బిడ్డల్ని ఎత్తుకుని వస్తారు. టార్చి వేస్తే చుక్కలు రెండూ ఒకేచోట ఉంటాయి. ముక్కు దూలం దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి ముందుకి లాగితే తల్లికే తేడా తెలుస్తుంది. అది మెల్ల కాదు, ముఖం ఎదిగేకొద్దీ పోతుంది. అలాగే మొదటి మూడు నెలల్లో పసికందు కళ్లు అప్పుడప్పుడూ చెదిరి తిరగడం సహజం. నాలుగో నెల దాటాక కూడా తిరుగుతుంటే మాత్రం చూపించాలి.

ఇంట్లో టార్చితో చూడాలంటే కష్టమేమీ లేదు. గదిలో వెలుతురు తగ్గించి, బిడ్డని ఎవరి ఒళ్లోనైనా కూర్చోబెట్టండి. మీరు ఎదురుగా, మూరెడు దూరంలో కూర్చుని, చిన్న పెన్‌టార్చిని మీ ముక్కు దగ్గర పట్టుకోండి. వెలుగు కళ్లలో గుచ్చుకునేంత ఉండకూడదు. బిడ్డ తల తిన్నగా ఉండి టార్చివైపు చూసిన క్షణంలో రెండు చుక్కల్నీ చూడండి. తర్వాత టార్చి పక్కనే చిన్న బొమ్మ స్టిక్కర్ ఒకటి అతికించి, "ఈ కుందేలుకి కళ్లెన్ని?" అని అడిగి మళ్లీ చూడండి. వెలుగుని చూడడానికి కన్ను శ్రమపడక్కర్లేదు, కుందేలు కళ్లు లెక్కపెట్టడానికి శ్రమపడాలి. కొందరు పిల్లల్లో ఆ శ్రమపడే క్షణంలోనే మెల్ల బయటపడుతుంది. టార్చి ఒక్కటే చూసి బాగుందనుకుంటే అది తప్పించుకుంటుంది.

చుక్కకి చిక్కనివి ఇంకా ఉన్నాయి. రెండు మూడు డిగ్రీల సన్న మెల్ల ఫోటోలో కనబడదు, కానీ చూపుని దెబ్బతీయగలదు. బయటికి తిరిగే మెల్ల చాలామందిలో వచ్చిపోతూ ఉంటుంది. పిల్లాడు అలిసిపోయినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఏదో ఆలోచనలో దూరంగా చూస్తున్నప్పుడు మాత్రమే కన్ను జారుతుంది. డాక్టరు ముందు శ్రద్ధగా చూస్తాడు కాబట్టి తిన్నగా ఉంటుంది. ఎండలోకి వెళ్లగానే ఒక కన్ను మూసుకునే అలవాటు ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, అది ఈ రకం మెల్లకి గుర్తు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మెల్ల లేని మందచూపు. ఒక కంటికి పవర్ లేదు, రెండో కంటికి ప్లస్ నాలుగు ఉందనుకోండి. కళ్లు రెండూ తిన్నగా ఉంటాయి, చుక్కలు రెండూ సమానంగా ఉంటాయి, ఫోటోలో ఏ లోపమూ లేదు. బిడ్డ బాగున్న కంటితో అన్నీ చూసేస్తూ పరుగెడుతుంది, పడదు, తడుముకోదు. రెండో కన్ను చూపు నేర్చుకోకుండానే ఉండిపోతుంది. పదేళ్లప్పుడో, డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడో ఒక కన్ను మూసి చదవమంటే అప్పుడు తెలుస్తుంది. అందుకే ఫోటోలో చుక్కలు బాగున్నాయని పరీక్ష మానేయకూడదు. మూడు, నాలుగేళ్ల మధ్య ప్రతి బిడ్డకీ ఒక్కో కన్ను విడివిడిగా మూసి చూపు పరీక్షించాలి. చదువు రాకపోయినా ఫరవాలేదు, ఇల్లు, యాపిల్, గుండ్రం బొమ్మలు చూపించి చేతిలో ఉన్న కార్డు మీద వేలు పెట్టమంటాం.

అంతకంటే చిన్నబిడ్డల్లో తల్లికే ఒక గుర్తు దొరుకుతుంది. బిడ్డ ఇష్టమైన బొమ్మని చూస్తుండగా అరచేత్తో ఒక కన్ను మూయండి, తర్వాత రెండోది. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూయగానే చేయి తోసేసి ఏడుస్తుంటే, మీరు మూసింది బిడ్డకి చూపున్న కన్ను.

ఇంకొకటి చెప్పాలి, ఇది మెల్ల కంటే అత్యవసరం. ఫ్లాష్ ఫోటోలో కనుపాప నల్లగానో, ఎర్రగానో ఉంటుంది. ఒక కనుపాప మొత్తం తెల్లగానో, పిల్లికన్నులా పసుపుగానో మెరిస్తే అది వేరే విషయం. నేను ఇంతసేపూ చెప్పిన చిన్న చుక్క కాదది, కనుపాప అంతా నిండిన తెలుపు. పిల్ల పక్కకి చూస్తున్నప్పుడు లోపలి నరం మీద వెలుతురు పడి ఏ జబ్బూ లేకుండానే అలా రావచ్చు. కానీ శుక్లం వల్ల కూడా వస్తుంది, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్ల కూడా వస్తుంది. ఆ క్యాన్సర్ సాధారణంగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది, తొందరగా దొరికితే ప్రాణం నిలుస్తుంది, చాలాసార్లు కన్ను కూడా నిలుస్తుంది. అలాంటి ఫోటో కనబడితే ఇంకో ఫోటో కోసం ఎదురుచూడకుండా ఆ వారంలోనే కనుపాపలు పెద్దవి చేసి లోపలిదాకా చూసే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా పాప సంగతికి వస్తాను. మర్నాడు అక్క కూతురికి ఫోన్ చేసి చెప్పాను. పాపం, అది ముందే గమనించింది. "ఉగాది అప్పుడే అనుమానమొచ్చింది పిన్నీ. అత్తయ్యగారు మెల్లకన్ను అదృష్టం అన్నారు. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందన్నారు. ఇక ఊరుకున్నా" అంది. మన ఊళ్లలో ఈ మాట ఎంత ప్రేమగా అంటారో నాకు తెలుసు, ఆ పెద్దావిడ మీద నాకేమీ కోపం లేదు. కానీ ఈ మాట విని ఊరుకున్న ఇళ్ల నుంచి పన్నెండేళ్లకి, పదిహేనేళ్లకి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. నాలుగో నెల దాటిన బిడ్డకి నిజమైన మెల్ల ఉంటే దానంతట అదే పోతుందని కూర్చోవడానికి లేదు.

ఎందుకు లేదంటే, నష్టం కంట్లో జరగదు, మెదడులో జరుగుతుంది. పెద్దవాళ్లకి హఠాత్తుగా మెల్ల వస్తే ప్రతిదీ రెండుగా కనబడుతుంది, తల తిరిగిపోతుంది. పసిబిడ్డకి అలా రెండు బొమ్మలు వస్తే మెదడు వాటిలో ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. తిరిగిన కంటి నుంచి వచ్చేదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. బిడ్డకి ఇబ్బంది తీరిపోతుంది, ఫిర్యాదు ఉండదు. కానీ చూపు అనేది నడక, మాట లాగే నేర్చుకునేది. వాడని కంటికి మెదడులో రావలసిన చోటు రాకుండా పోతుంది. దీన్నే అంబ్లియోపియా అంటాం, లేజీ ఐ అని జనం అంటారు. లేజీ అన్న మాట నాకు నచ్చదు. ఆ కన్ను బద్ధకంది కాదు, దానికి పని దొరకలేదు.

డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960ల్లో అమెరికాలో దీన్ని పిల్లికూనల్లో చూపించారు. పుట్టిన మొదటి వారాల్లో ఒక కన్ను మూసి ఉంచి, కొన్ని నెలల తర్వాత తెరిచారు. కన్ను చెక్కుచెదరకుండా ఉంది. మెదడులో చూపు తెలిసే చోట ఆ కంటికి స్పందించే కణాలు మాత్రం దాదాపు లేవు. అవన్నీ రెండో కంటి పక్షాన చేరిపోయాయి. పెద్ద పిల్లికి అంతకాలమే కన్ను మూసి ఉంచితే అలాంటి నష్టం రాలేదు. చూపు నేర్చుకోవడానికి ఒక ఈడు ఉందని అలా తేలింది. 1981లో వాళ్లకి నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ఆ ఈడు వారాలు కాదు, ఏళ్లు. చికిత్సకి ఏడేళ్లలోపు పిల్లలు బాగా లొంగుతారు. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందని మా చదువుల రోజుల్లో చెప్పేవారు, అది నిజం కాదని తర్వాత తేలింది. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లోనూ చాలామందికి చూపు మెరుగుపడింది, అంతకుముందు చికిత్సే తీసుకోని పదమూడు దాటినవాళ్లలో కూడా కొందరికి మెరుగుపడింది. అయితే ఎక్కువ కష్టపడి తక్కువ సంపాదించుకోవడం అవుతుంది. మూడేళ్ల పిల్ల కొన్ని నెలల్లో పొందేదాన్ని పదేళ్ల పిల్లాడు పూర్తిగా పొందకపోవచ్చు.

పాపని గుంటూరులో ఒక పిల్లల కంటి డాక్టరుకి చూపించాం, నేనూ వెళ్లాను. బొమ్మల కార్డులతో చూస్తే కుడి కంటి చూపు 6/9, ఎడమది 6/36. అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి పోల్చుకునే బొమ్మని పాప ఎడమ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని పోల్చుకోలేకపోతోంది. డాక్టరు లోపలంతా చూసి నరం, తెర బాగున్నాయన్నారు. తర్వాత పవర్ తేల్చడానికి అట్రోపిన్ ఆయింట్‌మెంట్ రాశారు, మూడు రోజులు రోజుకి రెండుసార్లు, బియ్యపుగింజంత. పిల్లల కంటి లోపలి కండరం బలంగా ఉంటుంది, బిగిసిపోయి తన పవర్‌ని తానే దాచేస్తుంది. దాన్ని సడలిస్తేగాని అసలు లెక్క రాదు. ఆ మందు వేశాక వారం పది రోజులు దగ్గరి వస్తువులు మసకగా ఉంటాయి, ఎండ గుచ్చుకుంటుంది, భయపడక్కర్లేదు. ముఖం ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం ఆపేసి డాక్టరుకి చెప్పాలి. వేశాక చేతులు కడుక్కోవాలి, ట్యూబు పిల్లలకి అందకుండా పెట్టాలి.

కుడి కంటికి +4.50, ఎడమ కంటికి +5.50 వచ్చింది. మెల్లకి మూలం అక్కడే ఉంది. ప్లస్ పవర్ ఉన్న బిడ్డ స్పష్టంగా చూడాలంటే కంటి లోపలి కండరాన్ని ఎప్పుడూ బిగించాలి. ఆ కండరం బిగిసినప్పుడల్లా కళ్లు ముక్కువైపు తిరగాలని పుట్టుకతోనే ఒక ముడి ఉంది. దగ్గరి వస్తువు చూసేటప్పుడు అందరికీ అదే జరుగుతుంది. పాపకి ఆ బిగింపు రోజంతా ఉంది, కాబట్టి ఒక కన్ను లోపలికి వచ్చేసింది. రెండు మూడేళ్ల మధ్య, బొమ్మల పుస్తకాలు, ఫోన్లు దగ్గరగా చూడడం మొదలయ్యే ఈడులో ఈ రకం మెల్ల ఎక్కువగా బయటపడుతుంది. దీనికి మొదటి మందు ఆపరేషన్ కాదు, కళ్లజోడు. ఆ పవర్ అద్దాల్లో పెట్టేస్తే కన్ను బిగించక్కర్లేదు.

కళ్లజోడు పెట్టిన మూడు వారాలకి చుక్కలు దాదాపు కలిశాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ రాత్రే అక్క గాబరాగా ఫోన్ చేసింది. "స్నానానికి జోడు తీస్తే కన్ను ఇదివరకటి కంటే ఎక్కువ తిరుగుతోందే. జోడు వల్ల చెడిపోయిందేమో, ఆపేద్దామా?" ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తుంది, చాలా ఇళ్లలో కళ్లజోడు ఇక్కడే ఆగిపోతుంది. జోడు ఏమీ చెడగొట్టదు. ఇన్నాళ్లూ మసకతో సర్దుకుపోయిన బిడ్డ ఇప్పుడు స్పష్టత రుచి చూసింది. జోడు తీయగానే అదే స్పష్టత కోసం గట్టిగా బిగిస్తుంది, కన్ను మరింత లోపలికి వస్తుంది. జోడు పెట్టుకుంటే మళ్లీ తిన్నగా ఉంటే, చికిత్స పనిచేస్తున్నట్టే. నిద్రలో, స్నానంలో తప్ప తీయొద్దని చెప్పాను.

నాలుగు నెలలు జోడుతోనే ఉంచారు డాక్టరు. చాలామందికి జోడు ఒక్కదానితోనే మందచూపు కొంత తేరుకుంటుంది, కొందరికి పూర్తిగా. పాప ఎడమ కన్ను 6/36 నుంచి 6/24కి వచ్చి ఆగింది. అప్పుడు ప్యాచ్ మొదలైంది. జోడు అద్దం మీద అతికించేది కాదు, చర్మం మీద, జోడు కింద, బాగున్న కుడి కంటి మీద. వియ్యపురాలు మొదట ఒప్పుకోలేదు. "చెడిన కన్ను వదిలేసి మంచి కంటికి గంత కడతారేంటమ్మా?" అంది. న్యాయమైన ప్రశ్నే. కుడి కన్ను ఉన్నంతసేపూ మెదడు ఎడమదాన్ని అడగదు. కుడిదాన్ని కాసేపు పక్కన కూర్చోబెడితే పని ఎడమదాని మీద పడుతుంది, పనిచేస్తేనే అది చూపు నేర్చుకుంటుంది. అలా చెప్పాక ఆవిడే రోజూ ప్యాచ్ వేసే బాధ్యత తీసుకుంది.

రోజుకి రెండు గంటలు. ఒకప్పుడు రోజంతా కట్టేవారు, పిల్లలు నరకం చూసేవారు. 2003లో అమెరికాలో చాలా ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్షలో, మధ్యస్థమైన మందచూపుకి రెండు గంటల ప్యాచ్ ఆరు గంటల ప్యాచ్‌కి సమానంగా పనిచేసింది. చూపు బాగా తక్కువున్నవాళ్లకి ఆరు గంటలు వేస్తారు. ప్యాచ్ అసలే ఉంచుకోని పిల్లలకి బాగున్న కంట్లో అట్రోపిన్ వేసి మసకబార్చే పద్ధతి ఉంది, ఫలితం దాదాపు అంతే. గంటలు ఎన్నో డాక్టరు చెప్పాలి, సొంతంగా పెంచకూడదు. మరీ ఎక్కువ మూస్తే బాగున్న కన్నే మందగించే ప్రమాదం ఉంది, ప్రతి ఆరు ఎనిమిది వారాలకీ రమ్మనేది రెండు కళ్లనీ చూడడానికే.

మొదటి వారం పాప ప్యాచ్ పీకి గోడకి అతికించింది. చూపు తక్కువున్న కంటితో మాత్రమే బతకమంటే ఏ బిడ్డకైనా భయమే, మొండితనం అనుకుని కొట్టకండి. వాళ్ల నాయనమ్మ పళ్లెంలో కందిపప్పు, పెసరపప్పు కలిపి పోసి, ప్యాచ్ వేసుకున్న సేపు ఏరమనేది. తర్వాత ముగ్గు చుక్కలు కలపడం, పూసలు గుచ్చడం. దగ్గరగా, సన్నగా చూసే ఏ పనైనా సరే, కన్ను వెతుక్కోవాలి. చర్మం ఎర్రబడితే ఒకరోజు కొబ్బరినూనె రాసి ఊరుకునేవారు. ఎనిమిది వారాలకి 6/18, తర్వాత రెండు నెలలకి 6/12, నాలుగున్నరేళ్లు నిండేసరికి 6/9.

అక్కడితో ఆపేస్తే దాదాపు నలుగురిలో ఒకరికి ఏడాదిలోపు చూపు మళ్లీ జారుతుంది. అందుకని రెండు గంటలని గంటకి, గంటని వారంలో మూడు రోజులకి తగ్గించుకుంటూ వచ్చారు. కళ్లజోడు అలాగే ఉంది, ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. పాపకి ఆపరేషన్ అవసరం పడలేదు. జోడు పెట్టాక కూడా మెల్ల మిగిలినవాళ్లకి, ఆరు నెలలలోపే పెద్ద మెల్ల వచ్చిన బిడ్డలకి ఆపరేషన్ చేస్తారు. కంటిగుడ్డుని బయటికి తీయరు, గుడ్డుని తిప్పే కండరం అతుక్కున్న చోటు మారుస్తారు, అంతే. అది కంటిని తిన్నగా నిలబెడుతుంది, మందచూపుని తీసేయదు. ఆపరేషన్ అయిందని ప్యాచ్ మానేసి, ఆరు నెలల తర్వాత తిన్నని కన్నుతో, తగ్గిన చూపుతో వచ్చిన పిల్లలున్నారు.

ఎక్కడికి వెళ్లాలని అడుగుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఒకసారి రావాలి. వాళ్లు వచ్చిన రోజు బిడ్డని బడికి పంపండి, ఫోటో చూపించి అడగండి, వాళ్లు పై ఆసుపత్రికి రాసిస్తారు. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖలో, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. ఎల్వీ ప్రసాద్ సంస్థలో పిల్లల కంటి విభాగం ఉంది. కళ్లజోళ్ల కొట్టులో కంప్యూటర్ మిషన్ మీద పవర్ చూపించుకుని వచ్చేయడం మాత్రం పిల్లల విషయంలో చాలదు. మందు వేయకుండా చూసిన మిషన్, పాపలాంటి బిడ్డకి +4.50 ఉన్నచోట +1 చూపించొచ్చు, ఏమీ లేదనీ అనొచ్చు.

మెల్ల, పెద్ద ప్లస్ పవర్ కుటుంబాల్లో నడుస్తాయి. అక్క కూతుర్ని అడిగితే వాళ్లాయనకి చిన్నప్పటి నుంచి ఎడమ కన్ను సరిగ్గా కనిపించదని, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదని తెలిసింది. పాపకి తమ్ముడున్నాడు, ఇప్పుడు పద్నాలుగు నెలలు. ఫోటోల్లో వాడి చుక్కలు రెండూ సమానంగానే ఉన్నాయి, అరచేత్తో ఏ కన్ను మూసినా ఊరుకుంటున్నాడు. అయినా వచ్చే గురువారం వాడిని గుంటూరు తీసుకెళుతున్నారు. అట్రోపిన్ సోమవారం నుంచి మొదలు.